యెడనున్నా

తాటాకు నుంచి ఎత్తి వ్రాయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఆకు మీద కన్ను నిలిపి పైకి చదవాలి. రెండవవారు విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టాలి. ఒక్కడే రెండు పనులూ చేయబూనుకుంటే చూపు ఆకుకూ కాగితానికీ నడుమ తిరుగుతూ ఎక్కడో జారుతుంది. పై పంక్తిలోని 'వెలిశె' దగ్గర బయలుదేరిన కన్ను కింది పంక్తిలోని 'వెలిశె' దగ్గర దిగుతుంది. నడుమ ఉన్నదంతా పోతుంది. పోయిందన్న సంగతి కూడా తెలియదు.

త్రినాథరావు చనిపోయిన తరువాత ఈ నియమం ఎంత గట్టిదో నాకు తెలిసివచ్చింది.

భిలాయిలోని రిసాలీలో నా ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు. కిటికీ వైపు కుర్చీ అతనిది. ఆకును వెలుతురుకు వాలుగా పట్టుకుంటేనే గీసిన అక్షరం పైకి తేలుతుంది కనుక వెలుతురు చదివేవాడికి చెందుతుంది. అతను పోయిన తరువాత నేను ఆ కుర్చీలో కూర్చుని ఆకు చదివేవాణ్ణి. ఆ చదువును ఫోనులో నింపి, లేచి వచ్చి నా కుర్చీలో కూర్చుని, నా గొంతును నేనే వింటూ వ్రాసుకొనేవాణ్ణి. పని సక్రమంగానే సాగింది. ఒక్క లోపం ఏమిటంటే, ఆ గొంతు నాతో ఎన్నడూ తగువు పెట్టుకొనేది కాదు.

త్రినాథరావు ఉక్కు ప్లాంటులో డ్రాయింగ్ ఆఫీసు మనిషి. నేను ప్రయోగశాలలో రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. ఉద్యోగంలో ఉన్నంత కాలం మా మధ్య నమస్కారానికి మించిన పరిచయం లేదు. ఇద్దరమూ విశ్రాంతులమైన తరువాత, మా ఇంటామె పోయిన ఏడాది, అతను ఖుర్సీపార్ నుంచి స్కూటరు మీద ఒక గుడ్డమూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ వంశంలో చేతులు మారుతూ వచ్చిన తాటాకుల కట్ట. నాగావళి ఒడ్డున ఒక అమ్మవారు వెలసిన కథ, ద్విపదలో ఉన్నది. నిమ్మగడ్డి నూనెతో తుడిచి, దీపపు మసి అద్ది, గుడ్డతో ఒత్తితే, బూడిదరంగు ఆకు మీద అక్షరాలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి.

"మీకు పాత పద్యం వచ్చునంట కదా బాబూ. నాకు పాత గీత వచ్చు. ఇద్దరం కలిస్తే ఒక పండితుడవుతాడు," అన్నాడు.

ఆ లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఆ పండితుడికి రెండు బుద్ధులు ఉండడంలోనే ఉంది.

ఆకు ఒక వ్రాతలో ఉంటుంది, మనం మరొక వ్రాతలో చదువుతాము. ఆ లేఖకుడు 'ఇది' అని వ్రాయడు, 'యిది' అంటాడు. 'ఒకటి' కాదు, 'వొకటి'. 'చేసి' కాదు, 'చేశి'. 'తమ్ముడు' అన్న మాటలో మకారం కింద ఒత్తు ఇవ్వడానికి బద్ధకించి సున్న చుట్టి 'తంముడు' అంటాడు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ విడవడు. అన్నింటికంటే ముఖ్యం, ఎకార ఒకారాలలో పొట్టిదానికీ పొడుగుదానికీ భేదం చూపడు. మేకా, మెకమూ అతని చేతిలో ఒకే గీతతో మొదలవుతాయి. ఇప్పుడు మనం తలకట్టు మీద వంచే దీర్ఘం అతని చేతికి అలవాటు లేదు.

ఉన్నది ఉన్నట్టు ఎత్తి వ్రాయాలని నా మతం. నందిని గనుల నుంచి వచ్చిన సున్నపురాయిలో మట్టి ఉంటే మట్టి ఉన్నదనే నివేదిక ఇవ్వాలి. రాతిని కడిగి, 'ఇది ఇలా ఉండవలసింది' అని వ్రాసేవాడు రసాయన శాస్త్రజ్ఞుడు కాడు. ముప్పై ఏళ్ళు ఆ ధర్మం మీద బ్రతికినవాణ్ణి. తాటాకు దగ్గర దానిని వదలడానికి నాకు కారణం కనబడలేదు.

"సున్నపురాయి చూసి చూసి మీకు సున్నల పిచ్చి పట్టింది," అనేవాడు త్రినాథరావు. "ఆయన సున్న చుడితే మీరూ సున్న చుడతానంటే, రేపు మా అమ్మాయి కుసుమ దాన్నెలా చదువుద్ది?"

"సున్నను సున్నగానే చదవమనండి."

"అలాగైతే చదివినోళ్ళ సంఖ్య కూడా సున్నే బాబూ."

అందుచేత ఒక ఏర్పాటు చేసుకున్నాము. అతను చదువుతాడు. నేను నా కాగితం మీద ఆకులో ఉన్నట్టు వ్రాస్తాను. సాయంకాలం అతను నా కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి, తన ప్రతిలో నేటి వ్రాతకు మార్చుకుంటాడు. పొట్టి పొడుగుల నిర్ణయం మాత్రం ఇద్దరమూ కలిసి చేయాలి. ద్విపద అయినందువల్ల అది చాలావరకు కష్టం కాలేదు. ఆకులో 'కొడికూశినవెళకొండపైవెలిశె' అని ఉంటుంది. 'కొడి' అని పొట్టిగా చదివితే రెండవ గణం కుంటుతుంది. 'కోడి కూసిన వేళ కొండపై వెలిసె' అంటే నాలుగు గణాలూ తమ తమ చోట కూర్చుంటాయి, యతి కూడా పలుకుతుంది. పద్యంలో ప్రతి మాటకూ ఛందస్సు సాక్షి. సాక్షి చెప్పిన తరువాత వాదం ఉండదు.

వచనానికి సాక్షి లేదు. మా తగువంతా వచనం దగ్గర వచ్చింది.

తాటాకుల కట్ట చేతికి వస్తే ఎవరైనా మొదట చూసేది చివరి ఆకు. లేఖకుడు తన పేరో ఊరో చెప్పుకొనేది అక్కడే. మా కట్టలో చివరి ఆకు మీద ఇలా ఉన్నది:

యీపుస్తకంఅప్పంనరంగంవెళ్ళెటితంమునికివ్రాశియిచ్చినదియెడనున్నామరువకచదువుకొనెదితప్పులుంటెపెద్దలుదిద్దుకొనెది

విడదీస్తే: ఈ పుస్తకం అప్పన్న, రంగం వెళ్ళేటి తమ్మునికి వ్రాసి ఇచ్చినది. ఆ రోజుల్లో మనవాళ్ళకు రంగం అంటే రంగూను. ఆ తమ్ముడు త్రినాథరావుకు ముత్తాత తండ్రి. 'చదువుకొనేది' అంటే చదువుకోవలసిందని. తప్పులుంటే పెద్దలు దిద్దుకోవలసిందన్న మాట ప్రతి లేఖకుడూ అలవాటుగా వ్రాసేదే.

త్రినాథరావుకు ఆ చివరి వాక్యం ఆయుధంగా దొరికింది. "చూశారా? రాసినాయనే దిద్దుకోమన్నాడు. మీరేటి బాబూ, అప్పన్న తాత కంటే మడి కట్టేస్తున్నారు!"

"దిద్దుకోమన్నది తప్పులను. తన కాలపు వ్రాత తప్పని అతను అనుకోలేదు."

అసలు చిక్కు దానికి ముందరి మాటలో ఉన్నది. 'యెడనున్నా'. పొడుగు చేస్తే 'ఏడనున్నా'. నువ్వు ఎక్కడ ఉన్నా మరువక చదువుకో. పొట్టిగా ఉంచితే 'ఎడనున్నా'. నువ్వు దూరాన ఉన్నా, ఎడబాటులో ఉన్నా, మరువక చదువుకో.

త్రినాథరావు మొదటిదన్నాడు. నేను రెండవదన్నాను.

"శ్రీకాకుళం మనిషి 'ఏడ' అనడు," అన్నాను. "మీ ఇంట్లో ఎన్నడైనా ఎవరైనా అన్నారా? 'ఎక్కడ' అంటారు."

"నోటితో అనరు. కానీ ఆకు మీద గంటం పెట్టినోడు నోటితో రాయడు కదా బాబూ, చదువుకున్న పద్యాలతో రాస్తాడు. పద్యాల్లో 'ఏడ' లేదా?"

"ఉన్నది. 'ఎడ' కూడా ఉన్నది."

"రంగం ఎల్లినోడు ఏ ఊళ్ళో దిగుతాడో, ఏ మిల్లులో చేరతాడో అన్నగారికి ఏం తెలుసు? తెలీనప్పుడు 'ఎక్కడున్నా' అనే అంటాం. నేను భిలాయి వచ్చిన్నాడు మా అమ్మా అలాగే అంది."

"ఎక్కడున్నాడన్నది అన్నకు ముఖ్యం కాదు. తన దగ్గర లేడన్నది ముఖ్యం."

ఈ వాదం ఒక నాటితో ముగియలేదు. పని ముగించి టీ తాగుతున్నప్పుడు, అతను స్కూటరు తన్నుతున్నప్పుడు, పండుగకు ఫోను చేసినప్పుడు అది మళ్ళీ లేచేది. గేటు దాటుతూ వెనక్కి తిరగకుండా "ఏడ!" అనేవాడు. నేను గుమ్మంలోంచి "ఎడ," అనేవాణ్ణి. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ మేము తెలుగులో అలా వీడ్కోలు చెప్పుకుంటామని అనుకునేదట.

వర్షాకాలంలో ఒక ఉదయం త్రినాథరావు స్నానాలగదిలో కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. కట్టలో చివరి పదిహేను ఆకులు మిగిలి ఉన్నాయి.

*

సంవత్సరీకం ఇంకా రెండు నెలలుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం అతని భార్య వరమ్మగారూ, కూతురు కుసుమా వచ్చారు. కుసుమ దుర్గ్‌లో హిందీ పాఠశాలలో ఉపాధ్యాయిని. పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ అక్షరాల దగ్గర ఆమెకు కాలు తడబడుతుంది.

వరమ్మగారు త్రినాథరావు కుర్చీని ఒకసారి చూసి, గోడ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ కుర్చీలో కుసుమ కూర్చున్నది.

"ఏటన్నయ్యగారూ, సిక్కిపోనారు. వొండుకుంటన్నారా, నేదా?"

"వండుకుంటున్నానమ్మా."

"ఏటి వొండుకుంటన్నారో ఆ మొకమే సెప్తంది." సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద, ఆకులకు చేరువగా పెట్టారు. నేను దానిని పక్కకు జరిపాను. "నూనె కారదు నెండి," అని ఆవిడ నవ్వారు. "మా ఆయనా ఇలాగే జరిపీవోడు."

కుసుమ విషయానికి వచ్చింది. "అంకుల్, నాన్న సంవత్సరీకానికి ఈ కథను పుస్తకం చేద్దామనుకుంటున్నాం. చిన్నదే, చుట్టాలందరికీ ఒక్కొక్కటి ఇవ్వాలి. నాన్న రాసినంతవరకు నా దగ్గర ఉంది. చివరి ఆకులు మీరు రాస్తే పూర్తవుతుంది. తర్వాత నాన్న చెప్పినట్టే ఆకుల్ని ఆంధ్రాలో ఆ గ్రంథాలయానికి ఇచ్చేస్తాం. వాళ్ళు వచ్చి తీసుకెళ్తామన్నారు."

ఆకులు వెళ్ళిపోతాయని నాకు తెలుసు. అతను బ్రతికి ఉండగా ఇద్దరమూ నిర్ణయించినదే. అయినా ఆ మాట వేరొకరి నోట వినగానే నా చేయి దానంతట అది కట్ట మీదికి పోయింది.

"వ్రాస్తాను," అన్నాను. "కానీ ఆకులో ఉన్నట్టే వ్రాస్తాను. మీ నాన్నగారి భాగాన్ని కూడా నా ప్రతి నుంచి అలాగే అచ్చు వేయాలి. పుస్తకంలో సగం ఒక వ్రాత, సగం మరొక వ్రాత ఉండడం అనుచితం."

"మత్లబ్, అంటే ఆ 'వొకటి', 'యిది', 'తంముడు' అలాగేనా?"

"అలాగే."

"అంకుల్, మామూలు తెలుగే మావాళ్ళు చదవలేరు. దీన్నెవరు చదువుతారు?"

"చదవగలిగినవారు."

"అంటే మీరు," అంది కుసుమ. గొంతులో కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "బస్, అంతే. మీరొక్కరే."

దానికి నా వద్ద సమాధానం లేకపోలేదు. గ్రంథం నేటివారి సౌకర్యం కోసం కాదని, దిద్దిన ప్రతి మూలంగా చలామణీ అయితే రేపటివారికి అసలు వ్రాత ఎలా ఉండేదో తెలియకుండా పోతుందని, ఒక్కసారి కడిగిన రాతికి మట్టి మళ్ళీ అంటదని చెప్పాను. చాలాసేపే చెప్పాను. కుసుమ విన్నది. వరమ్మగారు మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళి నా గిన్నెలు తోమసాగారు. నేను వారించాను.

"మీ మాటలు మీరు సెప్పుకోండన్నయ్యగారూ. నాకర్తం కావు. గిన్నెలైతే అర్తమవుతాయి."

వెళ్ళేటప్పుడు కుసుమ గేటు దగ్గర ఆగింది. "నాన్న ఇక్కడికొచ్చి ఇంటికొస్తే ఏం చెప్పేవారో తెలుసా? ఈ రోజు సుందరం బాబుని రెండు దీర్ఘాలు ఒప్పించా అనేవారు. మీరు ఆకులో ఉన్నట్టే రాసివ్వండి అంకుల్. తర్వాత నేను చూసుకుంటాను."

నా పేరు శ్యామసుందరం. సుందరం బాబు అని పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు.

*

చివరి ఆకులు నేనొక్కణ్ణే ముగించాను. కిటికీ దగ్గర చదవడం, లేచి ఇవతలకి రావడం, వినడం, వ్రాయడం. చివరిగా, అలవాటు తప్పకుండా, ముగింపు వచనాన్ని కూడా చదివి ఫోనులో నింపాను. 'ఎడనున్నా' అన్నది నా గొంతు, పొట్టిగా, స్పష్టంగా. ఎవరూ కాదనలేదు. కాగితం మీద మాత్రం ఆకులో ఉన్నట్టే 'యెడనున్నా' అని పెట్టాను. నా అభిప్రాయాన్ని మూలంలో చొప్పించడం నా పద్ధతి కాదు.

పని సులువుగా జరిగింది. నిజానికి అంత సులువుగా జరగకూడదు. ఇద్దరున్నప్పుడు రోజుకు రెండు ఆకులు సాగితే గొప్ప. ఒక్కడినే అయినప్పుడు నాలుగు సాగాయి. పనిలో అంత కాలం దేనికి పట్టేదో అప్పుడు అర్థమయింది.

నా ప్రతులు అన్నీ కుసుమకు అందజేశాను. మూడు వారాలు ఎవరూ రాలేదు. ఆకుల కట్ట బల్ల మీదే ఉంది. దానిని విప్పవలసిన పని నాకు లేదు. ఉదయం వేళ ఒకసారి దుమ్ము దులిపేవాణ్ణి.

తరువాత ఒక సాయంత్రం కుసుమ వచ్చి అచ్చు తీసిన కాగితాలు నా ముందు పెట్టింది. చూసి నివ్వెరపోయాను. అంతా నాగరి లిపిలో ఉన్నది. తెలుగు ద్విపద, నాగరి అక్షరాలలో.

"ఇదేమిటి?"

"చదవండి అంకుల్. తెలుగే."

"తెలుగుకు లిపి లేదా?"

"ఉంది. మా పిల్లలకి రాదు. మా పిన్ని కొడుకులకి రాదు. ఖుర్సీపార్‌లో మా గల్లీలో ఒక్కళ్ళకి రాదు. కానీ చెవికి వస్తుంది. పైకి చదివితే అందరికీ తెలుస్తుంది." ఆమె ఒక కాగితం తిప్పింది. "చిత్రం చెప్పనా? నాన్న ప్రతి నుంచి మార్చేటప్పుడు చాలా కష్టపడ్డాను. ఇది పొట్టిదా పొడుగుదా అని ప్రతి మాటకీ చూసుకోవాలి. చూసుకున్నా లాభం లేదు, మాకు నాగరిలో ఎ ఒక్కటే, ఒ ఒక్కటే. మీ ప్రతి నుంచి మాత్రం సర్రున వచ్చేసింది. మీరు రాసినదాన్లో కూడా ఒక్కటే కదా!"

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి చోటు లేదు. అప్పన్న గంటం చూపని భేదాన్ని హిందీ అక్షరం కూడా చూపదు. మూడేళ్ళు నేను కాపలా కాసిన ఆ అస్పష్టత, నేటి తెలుగు అచ్చులో ఎంతమాత్రం నిలవనిది, దుర్గ్‌లో ఒక హిందీ ఉపాధ్యాయిని చేతిలో ప్రయత్నం లేకుండా నిలిచింది.

చివరి కాగితం తీశాను. ముగింపు వచనం. ఆ మాట అక్కడ ఉన్నది. ఏడ కాదు, ఎడ కాదు. ఆకు మీద ఉన్నట్టే రెండూ.

"అయితే వీరెవరూ సరిగా చదవలేరు," అన్నాను. "హిందీ అలవాటు చొప్పున ప్రతి ఎకారాన్నీ సాగదీస్తారు. 'వెలిసె' అన్నది 'వేలిసే' అవుతుంది. గణాలన్నీ చెడతాయి."

"అందుకే మీ దగ్గరికొచ్చాను."

నాగరిలోనూ దక్షిణాది భాషల కోసం కల్పించిన పొట్టి ఎకార ఒకారాల గుర్తులున్నాయి. హిందీవారికి వాటితో పని లేదు కనుక ఎరుగరు. కుసుమకు వ్రాసి చూపించాను. ఆమె ఆశ్చర్యపోయింది. కాగితాలు ఉంచి వెళ్ళమన్నాను.

ఆ వారమంతా పెన్సిలుతో కూర్చున్నాను. పొట్టిగా పలకవలసిన ప్రతి అక్షరం మీద గుర్తు. వెలిసె, కొండ, తెలవారె, ఒడ్డు. నేను చేస్తున్నది ఏమిటో నాకు తెలియకపోలేదు. ఇన్నేళ్ళు త్రినాథరావు చేస్తానన్న పనే, ఛందస్సు సాక్ష్యంతో, అతని ప్రతిని పక్కన పెట్టుకుని, లిపి మార్చి నేను చేస్తున్నాను. పద్యంలో సాక్షి చెప్పినదానిని ఒప్పుకోవడంలో అవమానం లేదు. ఒకటి రెండు చోట్ల అతని దీర్ఘం తప్పు. అక్కడ దిద్దాను. ఒక చోట నాది తప్పు. అక్కడ కూడా దిద్దాను.

చివరి కాగితం దగ్గర పెన్సిలు ఆగింది.

'యెడనున్నా' మీద గుర్తు పెడితే నా మాట. పెట్టకపోతే? పుస్తకమంతా పొట్టివాటి మీద గుర్తు పెట్టుకుంటూ వచ్చినప్పుడు, గుర్తు లేనిది పొడుగే అవుతుంది. అంటే అతని మాట. పెట్టకుండా ఊరుకోవడం కూడా ఒక పక్షమే. ఒక చోట భేదం చూపడం మొదలుపెడితే ఇక చూపకుండా ఉండే స్వేచ్ఛ ఎక్కడా ఉండదు. ఆకు మీద అప్పన్నకు ఉన్న సదుపాయం నాకు లేదు.

ఆ కాగితాన్ని రెండు రోజులు అలాగే ఉంచాను. మూడవనాడు ఒక ఉపాయం తోచింది. ముగింపు వచనంలో ఏ అక్షరం మీదా గుర్తు పెట్టకూడదు. 'వెళ్ళెటి' మీద, 'పెద్దలు' మీద కూడా. దాని కింద చిన్న అక్షరాలలో ఒక మాట: 'ఈ వచనం తాటాకులో ఉన్నట్టే ఉంచబడింది. చదివేవారు తమకు తోచినట్టు పలుకుకొనేది.' పద్యం నేటివారి కోసం, వచనం అప్పన్న కోసం. ఇది సంపాదకుడు చేయదగిన పనే. పక్షపాతమని ఎవరూ అనలేరు.

కుసుమ చూసి, "ఠీక్ హై అంకుల్," అంది. ఆ తరువాత, "మీరు రాజీ పడ్డారని నాన్నకి తెలిస్తే నమ్మరు," అంది.

"రాజీ కాదు. పద్ధతి."

"అదే," అంది.

*

సంవత్సరీకం నాడు ఖుర్సీపార్‌లో వాళ్ళ ఇంటి ముందు చిన్న షామియానా వేశారు. గ్రంథాలయం తరపు మనిషి ముందునాడే వచ్చి ఆకుల కట్టను రసీదు ఇచ్చి తీసుకుపోయాడు. నేను దానికి కొత్త పత్తి తాడు కట్టి, పైపలకల నడుమ ఇరికించి, అతనికి ఎలా పట్టుకోవాలో చెప్పి పంపాను. అతనికి అవన్నీ తెలుసు. అయినా విన్నాడు.

భోజనాలైన తరువాత కుసుమ పుస్తకం తీసి చదవసాగింది. చుట్టాలు, గల్లీవాళ్ళు, చంటిపిల్లలను ఒళ్ళో వేసుకున్న ఆడవాళ్ళు. ఎవరికీ లిపి రాదు. అందరికీ కథ వచ్చింది. కోడి కూసిన వేళ దగ్గర ఒక ముసలాయన తల ఊపాడు. పెన్సిలు గుర్తులు పనిచేశాయి. ఎక్కడా గణం చెడలేదు. నేను చెవితో వెంబడించాను. పొరపాటు పట్టడానికి అలవాటు పడిన చెవి అది, ఆ పూట ఖాళీగా కూర్చున్నది.

ఆమె చివరి పుట తిప్పింది.

"ఈ పుస్తకం అప్పన్న, రంగం వేళ్ళేటి తమ్మునికి వ్రాసి ఇచ్చినది." గుర్తు లేదు కనుక 'వెళ్ళేటి' సాగి 'వేళ్ళేటి' అయింది. "ఏడనున్నా మరువక చదువుకొనేది."

ఏడనున్నా. హిందీ నాలుక మీద అది మరొక విధంగా పలకడానికి వీలు లేదు. ఆ సంగతి నేను ఊహించి ఉండవలసింది. గుర్తు లేని ఎకారాన్ని ఇక్కడివారు ఎలా పలుకుతారో కుసుమకు చెప్పినవాణ్ణి నేనే.

'వేళ్ళేటి' దగ్గరే తప్పు దొర్లిందని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. చదవడం ఆపి, నా వైపు చూసింది. దిద్దుతానేమోనని.

వరమ్మగారు నా పక్కనే చాప మీద కూర్చుని ఉన్నారు. చెంగుతో ముక్కు తుడుచుకుంటూ నా వైపు వంగారు. "ఏటన్నయ్యగారూ, ఆ మాటే కాదా మీరిద్దరూ తగువులాడుకునీవోరు? ఆకరికి మా ఆయనదే నెగ్గిందేటి?"

"ఆకులో ఉన్నదే చదివిందమ్మా," అన్నాను.

కుసుమ ఇంకా చూస్తున్నది.

"చదువమ్మా," అన్నాను. "సరిగానే ఉన్నది."

ఆమె మిగిలిన వాక్యం చదివింది. తప్పులుంటే పెద్దలు దిద్దుకొనేది. చుట్టాలు నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆటోలో ఇంటికి వచ్చేసరికి ఎండ కిటికీ దాటలేదు. బల్ల ఖాళీగా ఉంది. నూనె పీల్చుకున్న చోట, కట్ట పొడవున ఒక నిడుపాటి మచ్చ. వరమ్మగారు ఇచ్చిన డబ్బాను దాని మీద పెట్టబోయి, పక్కకు జరిపి పెట్టాను.

ఫోనులో నింపిన చదువులు ఇంకా ఉన్నాయి. ఇక వాటి అవసరం లేదు. ఒక్కొక్కటే తీసివేస్తూ చివరిదానికి వచ్చాను. తీసివేయడానికి ముందు సరిచూసుకోవడం నా పద్ధతి. వినిపించాను. నిర్మానుష్యమైన గదిలో నా గొంతు, తొందర లేకుండా, ప్రతి అక్షరాన్నీ నిలిపి చదువుతున్నది.

"ఎడనున్నా," అన్నది.

నేను కిటికీ వైపు కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"ఏడ," అన్నాను.